అద్దె నిజంగా దండగేనా?

'అద్దె కట్టడం దండగ, అదే డబ్బు ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది' అని పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. చిక్కేమిటంటే, హైదరాబాద్‌లో అది 'అదే డబ్బు' కాదు.

ఉదాహరణకి కొండాపూర్‌లో 1.20 కోట్ల ఫ్లాట్ ఒకటి చూశారనుకుందాం. అలాంటిదే పక్క ఫ్లాట్ 35 వేలకి అద్దెకి దొరుకుతోంది. కొనాలంటే చేతి నుంచి 24 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి మరో 9 లక్షలు పెట్టాలి. మిగతా 96 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 83,300. మొదటి ఏడాది కట్టే పది లక్షల్లో అసలుకి జమయ్యేది 1.9 లక్షలే. మిగిలిన 8.1 లక్షలు వడ్డీ. అద్దె ఏడాదికి 4.2 లక్షలు. దండగ అనే మాటకొస్తే, ఏది ఎక్కువ దండగ? పదేళ్లలో కోటి రూపాయలు కట్టాక కూడా బ్యాంకుకి ఇంకా 67 లక్షలు బాకీ ఉంటుంది.

ఇప్పుడు అద్దెకున్నాయన సంగతి. ఆ 33 లక్షలూ మ్యూచువల్ ఫండ్లలో పెట్టాడు. ఈఎంఐకి, 5 వేల మెయింటెనెన్స్‌కి అయ్యే మొత్తంలో అద్దె పోగా మిగిలే 53 వేలు నెలనెలా సిప్‌లో వేస్తున్నాడు. అద్దె, మెయింటెనెన్స్ ఏటా 5 శాతం పెరిగే కొద్దీ సిప్ తగ్గుతుంది. రాబడి పది శాతం వస్తే పదేళ్లకి దాదాపు 1.80 కోట్లు. ఫ్లాట్ ధర ఏటా 6 శాతం పెరిగితే, బాకీ తీసేశాక కొన్నాయనకి మిగిలేది 1.48 కోట్లు. పన్నులు పక్కన పెడితే ఇద్దరూ సమానం కావాలంటే ధర ఏటా ఏడున్నర శాతం పెరగాలి.

అయితే ఈ లెక్క సిప్ ఆగనంతవరకే. మిగిలిన 53 వేలూ కారుకీ విహారయాత్రలకీ పోయి, ఆ 33 లక్షలు ఆరున్నర శాతానికి ఎఫ్‌డీలో పడుంటే పదేళ్లకి చేతిలో ఉండేది 62 లక్షలే. బ్యాంకువాడు బలవంతంగా పొదుపు చేయిస్తాడు కాబట్టి కొన్నాయనే గెలుస్తాడు. చాలా ఇళ్లలో నిజంగా జరిగేది ఇదే.

ఇక ఫ్లాట్ ఏడున్నర శాతం పెరుగుతుందా? బిల్డింగ్ పాతబడుతుంది, దీర్ఘకాలంలో విలువ పెరిగేది నేలకే. అందుకే సేల్ డీడ్‌లో మీ వాటాకి ఎన్ని గజాలు రాశారో చూడాలి. ముప్పై అంతస్తుల టవర్‌లో ఆ వాటా చాలా చిన్నదిగా ఉంటుంది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో క్లబ్‌హౌస్ లేకపోయినా గజాలు ఎక్కువ వస్తాయి. బ్రోషర్లో పెద్దక్షరాలతో వేసేది మాత్రం స్విమ్మింగ్ పూల్ బొమ్మే.

ధరని ఏడాది అద్దెతో భాగించి కూడా చూడండి. మన ఉదాహరణలో అది దాదాపు 29. అదే ఫ్లాట్‌కి అద్దె 60 వేలుంటే 17కి దిగుతుంది. అప్పుడు సిప్‌కి మిగిలేది తక్కువ కాబట్టి, కొనడమే లాభం కావొచ్చు.