నిర్మాణ చిత్రం లేనప్పుడు కర్బన సమ్మేళన నామకరణం

ప్రశ్నపత్రంలో నిర్మాణ చిత్రం అచ్చు కాకపోతే విద్యార్థికి మిగిలేది వర్ణన మాత్రమే. "ఐదు కర్బనాల శృంఖలం, మూడవ కర్బనానికి CH₂OH కలిసి ఉంది" అన్న వాక్యాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 'ఐదు' అన్న మాట ముందు రావడంతో పెంటేన్‌ను మూలంగా భావించడం సహజం. అయితే ఐయూపీఏసీ నియమాల ప్రకారం శృంఖలం పొడవు కన్నా ముందు ప్రధాన ప్రమేయ సమూహాన్ని చూడాలి. ఇక్కడ అది OH. దానిని మోస్తున్న కర్బనం శృంఖలంలో భాగం కావాలి. దానిని ఒకటిగా లెక్కిస్తే వర్ణనలోని మూడవ కర్బనం రెండవదవుతుంది. అక్కడినుండి ఎటు వెళ్ళినా మరి రెండే కర్బనాలు. కనుక శృంఖలం నాలుగు కర్బనాలది, రెండవ వైపున్నది ఇథైల్ శాఖ. పేరు 2-ఇథైల్‌బ్యూటన్-1-ఓల్.

CH₂ను గమనించక OH నేరుగా మూడవ కర్బనంపైనే ఉందనుకుంటే పెంటన్-3-ఓల్ వస్తుంది. ఈ పొరపాటును కర్బనాల లెక్క పట్టిస్తుంది: వర్ణనలో ఆరు, పేరులో ఐదు. శృంఖలాన్ని ఎంచుకోవడంలోని తప్పును మాత్రం ఆ లెక్క పట్టించదు. 3-(హైడ్రాక్సీమిథైల్)పెంటేన్ అని రాసినా ఆరే వస్తాయి.

"శాఖ కలిగిన ఆరు కర్బనాల ఆల్కహాల్" అని మాత్రమే ఉంటే ఏ ఒక్క పేరూ నిర్ణయించలేం. 4-మిథైల్‌పెంటన్-2-ఓల్ కూడా ఆ వర్ణనకు సరిపోతుంది.