అద్దెకిచ్చినా అదే రెండు లక్షలు

ఇంటి రుణంపై వడ్డీ చూపిస్తే పన్ను తగ్గుతుందని జీతగాళ్లందరికీ తెలుసు. సొంతంగా ఉంటే పరిమితి 2 లక్షలు, అద్దెకిస్తే పరిమితే లేదు అన్న మాట కూడా ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. రెండో మాట సగమే నిజం.

హైదరాబాద్ మియాపూర్‌లో ఫ్లాట్ కొన్న ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఊహించుకుందాం. 60 లక్షల రుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. మొదటి ఏడాది వడ్డీ దాదాపు 5 లక్షలు. పాత పన్ను విధానంలో ఉండి, ఆ ఫ్లాట్‌లో తానే కాపురముంటే జీతంలోంచి 2 లక్షలే తగ్గించుకోవచ్చు. మిగతా 3 లక్షలు ఇక లెక్కలోకి రావు.

అదే ఫ్లాట్‌ను నెలకు 20 వేలకు అద్దెకిచ్చాడనుకుందాం. ఏడాదికి 2,40,000. అందులో తాను కట్టిన ఆస్తి పన్ను 10 వేలు పోతే 2,30,000. మరమ్మతులకు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా చట్టమిచ్చే 30 శాతం తగ్గింపు, అంటే 69 వేలు తీసేస్తే మిగిలేది 1,61,000. దాన్నుంచి వడ్డీ 5 లక్షలూ తీసేయొచ్చు, ఇక్కడ నిజంగానే పరిమితి లేదు. చివరికి 3,39,000 నష్టం తేలుతుంది.

ఆ నష్టాన్ని జీతంలో సర్దుకోబోతే చట్టం అడ్డుపడుతుంది. 2017-18 ఆర్థిక సంవత్సరం నుంచి ఏడాదికి 2 లక్షలకు మించి సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు. అంతకుముందు మొత్తం నష్టాన్నీ చూపించుకోగలిగేవారు. మిగిలిన 1,39,000ను ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు గానీ, అది ఇంటి ఆదాయంలోంచే తగ్గాలి, జీతంలోంచి కాదు.

కాగితం మీద బాగానే ఉంది. అద్దె ఏటా 5 శాతం పెరిగినా తొమ్మిదో ఏడాదికి 3.55 లక్షల దగ్గరే ఉంటుంది. ఆ ఏడాది వడ్డీ ఇంకా 3.9 లక్షలు. ఇంటిపై మిగులే లేనప్పుడు పాత నష్టాన్ని దేనిలో సర్దుతారు? మధ్యలో రుణం పెద్ద మొత్తంలో తీర్చేస్తే తప్ప, లేదా అద్దె వచ్చే మరో ఇల్లుంటే తప్ప, ఆ 1,39,000 మురిగిపోయినట్టే.

కొత్త విధానంలో సంగతి ఇంకా కటువు. సొంత కాపురానికి ఒక్క రూపాయి వడ్డీ కూడా తగ్గదు. అద్దె ఇంటికి వడ్డీ తగ్గుతుంది గానీ, తేలిన నష్టాన్ని జీతంలో సర్దనివ్వరు. మన ఉద్యోగికి అద్దెపై పన్ను సున్నా అవుతుంది, అంతవరకే.

ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. పాతది కావాలనుకునే జీతగాళ్లు గడువులోపే, అంటే మామూలుగా జులై 31లోగా, రిటర్న్‌లో ఆ మాట తెలపాలి. ఆలస్యంగా దాఖలు చేసిన రిటర్న్‌లో ఆ ఎంపిక ఉండదు, 2 లక్షల సర్దుబాటూ దక్కదు.