ఆటలమ్మ సెలవు చీటీ

ఆటలమ్మ సోకిన బిడ్డ కోసం సెలవు అడిగే తల్లి 'ఒక వారం' అని రాసి ఊరుకుంటే ఆ వారం ఎప్పుడు ముగుస్తుందో మేనేజరుకు తెలియదు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"అయ్యా, మా ఆరేళ్ల అబ్బాయికి 3వ తేదీన ఆటలమ్మ పొక్కులు కనిపించాయి. అన్నీ ఎండేదాకా బడికి పంపవద్దని డాక్టరు చెప్పారు. 4 నుంచి 10 వరకు సెలవు ఇప్పించగలరు. పొక్కులు ఇంకా పచ్చిగా ఉంటే 9న తెలియజేస్తాను. నాకు చిన్నప్పుడే ఈ జబ్బు వచ్చిపోయింది. డాక్టరు చీటీ జతచేశాను."

పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది ఇతరులకు అంటుకుంటుంది. అన్నీ ఎండి పక్కు కట్టాక ఆగుతుంది. సాధారణంగా 5 నుంచి 7 రోజులు. పక్కులు రాలేదాకా ఆగనక్కర్లేదు. వేపాకు నీళ్లు పోసేశాం కదా అని పంపేయకూడదు, చూడాల్సింది పొక్కులనే.

తల్లికి ఇంతకుముందు రాకపోయినా, టీకా లేకపోయినా ఆ మాట దాచకూడదు. బిడ్డ నుంచి సోకితే 10 నుంచి 21 రోజుల్లో ఆమెకూ బయటపడవచ్చు. ఆఫీసులో గర్భిణి ఉంటే ఈ కబురు ముందే అందాలి.