ఎనిమిది లక్షల పీపీవో అంటే చేతికి ఎంత? ఆఫర్ లెటర్‌లో ఏం చూడాలి?

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇంటర్న్‌షిప్‌లో నెలకి 30 వేల స్టైపెండ్ వస్తోంది. ఇప్పుడు 8 లక్షల పీపీవో ఇచ్చారు. అంటే నెలకి 66 వేలు కదా?" కాదు తమ్ముడు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

స్టైపెండ్‌లో సాధారణంగా పీఎఫ్ కటింగ్ ఉండదు. 30 వేలంటే దాదాపు అంతా అకౌంట్‌లో పడుతుంది. కానీ 8 లక్షలు అనేది సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. ఉదాహరణకి అందులో జాయినింగ్ బోనస్ లక్ష అనుకుందాం. అది ఒక్కసారే వస్తుంది. వేరియబుల్ 80 వేలు, అది రేటింగ్ బట్టి వస్తుంది, రాకపోవచ్చు కూడా. ఇక కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి ఒక 40 వేలు. ఇవి కూడా నెల నెలా మీ చేతికి రావు.

మిగిలింది 5 లక్షల 80 వేలు. నెలకి 48,333. ఇందులో మీ వాటా పీఎఫ్ 1,800, హైదరాబాద్‌లో అయితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 46,333. రెండో ఏడాది జాయినింగ్ బోనస్ ఉండదు కాబట్టి, హైక్ లేకపోతే ప్యాకేజీ నిజానికి 7 లక్షలే. అందుకే హెచ్ఆర్‌ని అడగాల్సింది "సీటీసీ ఎంత" అని కాదు, "ఫిక్స్‌డ్ ఎంత, బ్రేకప్ పంపగలరా" అని.

ఇప్పుడు డబ్బు కన్నా ముఖ్యమైన లైన్: జాయినింగ్ డేట్. నా విషయంలో ఇక్కడే దెబ్బ పడింది. ఇంటర్న్‌షిప్ జూన్‌లో అయిపోయింది. లెటర్‌లో మాత్రం "బిజినెస్ అవసరాన్ని బట్టి జాయినింగ్" అని ఉంది. పీపీవో ఒప్పుకున్నాను కాబట్టి కాలేజీ రూల్ ప్రకారం మిగతా ప్లేస్‌మెంట్స్‌కి నన్ను కూర్చోనివ్వలేదు. ఐదు నెలలు స్టైపెండ్ లేదు, జీతం లేదు. రూమ్ రెంట్ నాన్న పంపించారు. లెటర్‌లో తేదీ లేదు కాబట్టి గట్టిగా అడగడానికి కూడా ఏమీ లేదు.

అందుకే యాక్సెప్ట్ కొట్టే ముందు మెయిల్‌లో నాలుగు అడగండి. జాయినింగ్ ఏ తేదీ లోపు? స్టైపెండ్ ఏ రోజు ఆగి జీతం ఏ రోజు మొదలవుతుంది? బ్యాక్‌లాగ్ ఉంటే ఆఫర్ క్యాన్సిల్ అవుతుందా? ఏడాది లోపు మానేస్తే బోనస్ మొత్తం వెనక్కి కట్టాలా, ఇంకేదైనా బాండ్ ఉందా?

"పర్ఫార్మెన్స్ బాగుంది, పీపీవో పక్కా" అని మేనేజర్ నోటితో చెప్పింది ఆఫర్ కాదు. లెటర్ వచ్చేదాకా ప్లేస్‌మెంట్స్ వదలొద్దు.

మీ లెటర్‌లో అర్థం కాని లైన్ ఉంటే, కంపెనీ పేరు తీసేసి కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ వీడియోలో చూద్దాం. ఉంటా మరి, బై!