పాదం ఫ్రేములో, అడుగు తాళంలో

ఫోనుతో నాట్యం వీడియో తీసేటప్పుడు ఫ్రేములో పట్టాల్సింది నర్తకి ఎత్తు ఒక్కటే కాదు, ఆమె చేతులూ కాళ్లూ ఎంత దూరం చేరగలవో అంత మేర. 5 అడుగుల 3 అంగుళాల ఎత్తున్న కూచిపూడి నర్తకి చేయి పైకెత్తితే వేళ్ల కొసలు నేల నుంచి దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తుకు చేరతాయి. రెండు చేతులూ పక్కలకు బారజాపితే ఆ వెడల్పు ఇంచుమించు ఆమె ఎత్తంత ఉంటుంది. ఆ మేర తెలియక, నిటారుగా నిలబడ్డ మనిషిని చూసి ఫ్రేము సరిపెడితే, ఆట మొదలైన పది సెకన్లకే చేతులు అంచు దాటిపోతాయి.

నిలువు ఫ్రేములో ఈ పొరపాటు మరీ తరచుగా జరుగుతుంది. మనిషి నిలువుగా ఉంటాడు కాబట్టి ఫోను నిలువుగా పెడితే చాలా దగ్గరగా తీయవచ్చు అనిపిస్తుంది. కానీ రీల్స్, షార్ట్స్ వాడే నిలువు ఫ్రేములో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 9:16. చాపిన చేతుల వెడల్పు ఎత్తుకు సమానం గనుక, వేళ్లు రెండు అంచులనూ తాకేలా నిలబెట్టినా శరీరం ఫ్రేము ఎత్తులో సగానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. నిలువు వీడియోలో ముందుగా తెగేది తల కాదు, చేతులు. అందుకే కొలత ఎప్పుడూ ఫ్రేము పొట్టి వైపు నుంచే మొదలుపెట్టాలి.

ఆ కొలతకు ఒక సులువైన లెక్క ఉంది. ఫోను వెనక వైపు ప్రధాన కెమెరాతో, జూమ్ చేయకుండా 1xలో వీడియో తీస్తే, ఫ్రేము పొట్టి వైపు పట్టే మేర ఫోనుకూ మనిషికీ మధ్య దూరంలో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది. పొడవైన వైపు పట్టేది ఆ దూరం కంటే కొంచెం ఎక్కువ, దాదాపు 1.2 రెట్లు. వీడియో ఊగకుండా సరిచేసే సదుపాయం అంచులను కొంత కోసేస్తుంది కాబట్టి ఫోనును బట్టి ఈ లెక్క అటూ ఇటూ మారుతుంది. ఒక్కసారి టేపు పెట్టి కొలిచి చూసుకుంటే ఆ ఫోనుకు ఎప్పటికీ పనికొస్తుంది.

పైన చెప్పిన నర్తకి విషయమే చూద్దాం. చాపిన చేతుల వెడల్పు అయిదుంపావు అడుగులు. రెండు పక్కలా కదలడానికి ఒక్కో అడుగు, ఫ్రేము అంచుకు కొద్దిగా ఖాళీ కలిపితే 8 అడుగులు కావాలి. ఎనిమిదికి 12 అడుగుల దూరం సరిపోతుంది. అదే దూరంలో ఫోనును అడ్డంగా తిప్పితే ఎత్తు 8 అడుగులు పడుతుంది. పైకెత్తిన చేతికి, పాదాల కింద ఖాళీకి అది సరిగ్గా చాలు. అంటే ఈ నర్తకికి నిలువుకైనా అడ్డానికైనా ఫోను పెట్టే చోటు ఒకటే. నిలువులో తలపైనా పాదాల కిందా ఖాళీ మిగులుతుంది. దాన్ని దండగ అనుకోకూడదు. రీల్స్‌లో కింది భాగాన్ని పేరు, వివరణ, గుర్తులు ఆక్రమిస్తాయి. పాదాలు అక్కడ పడితే అడుగులు కనిపించవు, కూచిపూడిలో అడుగులు కనిపించకపోతే సగం నాట్యం పోయినట్టే.

నర్తకి గోడకు రెండు మూడు అడుగుల ముందు నిలబడాలి. లేకపోతే నీడ గోడమీద గట్టిగా పడుతుంది. ఆ లెక్కన 15 అడుగుల పొడవున్న గది కావాలి. చాలా ఇళ్లలో అంత చోటు ఉండదు. అప్పుడు ఫోను స్టాండును గది బయట, గుమ్మం అవతల పెట్టి తెరిచిన తలుపులోంచి తీయడం మంచి ఉపాయం. 0.5x వైడ్ కెమెరాకు మారడం చివరి మార్గం మాత్రమే. అది అంచుల దగ్గర ఉన్నదాన్ని సాగదీస్తుంది. చాపిన చేయి మణికట్టు దాటాక పొడవవుతుంది, ముద్ర రూపం చెడుతుంది.

లెన్సు ఎత్తు కూడా శరీరం కొలతలను మారుస్తుంది. ఫోనును నేలమీద పెట్టి పైకి వంచితే కాళ్లు భారీగా, తల చిన్నగా కనిపిస్తాయి. కంటి ఎత్తులో పెట్టి కిందికి వంచితే కాళ్లు కురచవుతాయి, అరమండి లోతు తప్పుగా కనిపిస్తుంది. నడుము ఎత్తులో, సుమారు మూడు అడుగుల దగ్గర, ఫోనును ఎటూ వంచకుండా నిటారుగా నిలబెడితే శరీరం ఉన్నదున్నట్టు వస్తుంది. వ్యాయామం వీడియోల్లో పుషప్స్, ప్లాంక్ వంటివి నేలకు సమాంతరంగా సాగుతాయి గనుక అక్కడ ఫోను అడ్డంగా, అడుగున్నర ఎత్తులో, మనిషికి పక్క వైపున ఉండాలి. అప్పుడే వీపు వంగిందో లేదో చూసేవాళ్లకు తెలుస్తుంది.

ముందు వైపు కెమెరాతో తీస్తే తెరమీద తనను తాను చూసుకోవచ్చు, కానీ కొన్ని ఫోన్లు, యాప్‌లు ఆ అద్దపు బొమ్మనే సేవ్ చేస్తాయి. కుడి ఎడమవుతుంది. నటరాజ భంగిమలో ఎత్తాల్సిన ఎడమ కాలు వీడియోలో కుడి కాలై కూర్చుంటుంది, తెలిసినవాళ్లకు అది వెంటనే కంట్లో పడుతుంది. నేలమీద టేపు ముక్కలతో హద్దులు గుర్తుపెట్టుకుని వెనక కెమెరాతో తీయడమే మేలు. తీసేముందు తెరమీద నర్తకిని కాసేపు నొక్కిపట్టి ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేస్తే, మధ్యలో బొమ్మ మసకబారడం, తెల్లబారడం ఉండవు. వెలుతురు మాత్రం ధారాళంగా ఉండాలి. చీకటి గదిలో ఫోను ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు వెలుగు తీసుకుంటుంది, వేగంగా కదిలే చేయి గీతలా సాగిపోతుంది. ఏ ఫ్రేములో పాదం నేలను తాకిందో చెప్పలేనప్పుడు పాటతో కలపడమూ కష్టమే.

ఇక పాట సంగతి. 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు. వెనకబడితే మాత్రం 125 దాకా గమనించడు. లోకంలో వెలుగు ముందు, చప్పుడు తర్వాత రావడం కంటికీ చెవికీ అలవాటే. నాట్యానికి ఈ తేడా కీలకం. నర్తకి అడుగు ఆలస్యంగా పడితే బొమ్మకంటే శబ్దం ముందున్నట్టే లెక్క. చూసేవాడు సహించలేని వైపు అదే.

ఆ ఆలస్యం చాలాసార్లు నర్తకిది కాదు, బ్లూటూత్ స్పీకరుది. పాట ఫోను నుంచి తీగ లేకుండా స్పీకరుకు చేరి వినిపించేసరికి 100 నుంచి 300 మిల్లీసెకన్లు పట్టడం మామూలే. రీల్స్ లాంటి యాప్‌లో పాట ఎంచుకుని అక్కడే రికార్డు చేస్తే, యాప్ తన దగ్గరున్న అసలు పాటను బొమ్మకు జతచేస్తుంది. నర్తకి విన్నది మాత్రం ఆలస్యంగా వచ్చిన పాట. ఆ ఆలస్యాన్ని యాప్ సరిచేయకపోతే వీడియో అంతా తాళం తప్పినట్టే ఉంటుంది. ఆదితాళం నిమిషానికి 80 దెబ్బలతో నడుస్తోందనుకుందాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య 750 మిల్లీసెకన్లు. మొదటి కాలంలో 200 మిల్లీసెకన్ల ఆలస్యం కొంచెం మందకొడిగా కనిపిస్తుందంతే. మూడో కాలంలో ఒక దెబ్బలో నాలుగు అడుగులు పడతాయి, ఒక్కోదానికి 187 మిల్లీసెకన్లు. అదే 200 మిల్లీసెకన్లు ఇక్కడ ఏకంగా ఒక అడుగు వెనకబడటం. మొదట్లో బాగానే ఉన్న వీడియో కాలం పెరిగాక చెడిపోయిందంటే అనుమానించాల్సింది దీన్నే.

మందు సులువు. ఫోనులోని మామూలు కెమెరా యాప్‌తో వీడియో తీసి, పాటను వేరే ఫోనులోనో స్పీకరులోనో మోగించాలి. అప్పుడు స్పీకరు ఎంత ఆలస్యంగా పలికినా ఇబ్బంది లేదు. నర్తకి చెవి విన్న పాటనే కెమెరా మైకూ విన్నది. గదిలో శబ్దం ప్రయాణించే కాలం కూడా లెక్కలోకి రాదు, 12 అడుగులకు 10 మిల్లీసెకన్లే. పెద్ద మైదానంలో వంద అడుగుల దూరాన స్పీకరు పెడితే మాత్రం 90 మిల్లీసెకన్లవుతుంది, అక్కడ స్పీకరు నర్తకికి దగ్గరగా ఉండాలి. పాట మొదలయ్యే ముందు ఒక ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బలు, ఖాళీగా మోగేలా పాట ఫైలును తయారుచేసుకుంటే, 80 దెబ్బల వేగంలో ఆరు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. ఫోను నొక్కి చోటుకు వచ్చి నిలబడటానికి అది తక్కువైతే రెండు ఆవర్తనాలు పెట్టుకోవచ్చు.

ఎడిటింగ్ యాప్‌లో వీడియో కింద అసలు పాటను పరచి, రెండు శబ్దాల అలలనూ పెద్దవి చేసి చూడాలి. మైకు పట్టిన గది శబ్దంలో మొదటి మృదంగం దెబ్బ ఎక్కడ నిటారుగా లేచిందో, పాటలో అదే దెబ్బను దాని కిందకు జరపాలి. తర్వాత రెండూ కలిపి వినాలి. దెబ్బ రెండుసార్లు, ప్రతిధ్వనిలా వినిపిస్తే ఇంకా ఒకటి రెండు ఫ్రేములు తేడా ఉన్నట్టు. రెండూ ఒక్క దెబ్బగా కలిసిపోతే కుదిరినట్టు. ఈ పనికి కంటికంటే చెవే నమ్మకమైనది, అయితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వింటూ బొమ్మను సరిచూడకూడదు, పాత ఆలస్యం మళ్లీ అక్కడికే వస్తుంది. ఫోను స్పీకరో తీగ ఇయర్‌ఫోనో వాడాలి. కుదిరాక గది శబ్దాన్ని పూర్తిగా ఆపేయవచ్చు. గజ్జెల సవ్వడి వినిపించాలనుకుంటే కొద్దిగా ఉంచవచ్చు.

పాట చివర కూడా ఇదే పరీక్ష చేయాలి. మొదట్లో ఒక్కటిగా వినిపించిన దెబ్బ అయిదో నిమిషంలో రెండుగా చీలితే అది జరపడంలో తప్పు కాదు. ఫోన్లు సెకనుకు ఫ్రేములను ఖచ్చితంగా ఒకే లెక్కన తీయవు, వెలుతురును బట్టి కొద్దిగా హెచ్చుతగ్గులవుతాయి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు ఆ తేడాను పట్టించుకోకపోవడంతో బొమ్మ మెల్లగా జారిపోతుంది. వీడియోను ముందే స్థిరమైన 30 ఫ్రేముల ఫైలుగా మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది. అది కుదరనప్పుడు వీడియోను పల్లవి, చరణాల దగ్గర ముక్కలుచేసి ఒక్కో ముక్కనూ విడిగా పాటకు కలపాలి.

ఇదే పద్ధతిలో నాట్యాన్ని మూడు నాలుగు సార్లు తీసి, ప్రతిదాన్నీ ఒకే పాటకు జతచేసి ఒకదానిపై ఒకటి పేర్చితే, ఏ దెబ్బ దగ్గరైనా ఒకదాన్నుంచి మరోదానికి మారవచ్చు. అడుగు తాళం తప్పదు. అయితే ఎన్నిసార్లు మార్చాలన్నది వేరే ప్రశ్న. 1930ల హాలీవుడ్‌లో ఫ్రెడ్ ఆస్టెయిర్ తన నాట్యాన్ని తల నుంచి పాదం దాకా ఒకే ఫ్రేములో, వీలైనంత తక్కువ కోతలతో చూపాలని పట్టుబట్టేవాడు. కూచిపూడికీ అదే తగినది. జతి మధ్యలో కోస్తే అడుగు ఎలా మొదలై ఎలా ముగిసిందో కనిపించదు. ముక్తాయింపు పూర్తయ్యాక, శరీరం ఒక క్షణం నిలిచిన చోట కోస్తే కంటికి తెలియదు.