కమాండ్‌కు అందని పేర్లు

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వెర్షన్ ఏది విడుదలైనా ప్రకటన అడుగున ఒక జాబితా కనిపిస్తుంది. వందల కొద్దీ పేర్లు, వాటి పైన ‘సహకరించిన అందరికీ ధన్యవాదాలు’ అని ఒక వాక్యం. ఆ జాబితాను ఎవరో కూర్చుని రాసి ఉంటారని అనుకుంటాం. చాలా చోట్ల దాన్ని తయారుచేసేది ఒక కమాండ్.

ఇలాంటి ప్రాజెక్టుల్లో కోడ్‌ను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో గిట్ అనే పనిముట్టు దాచిపెడుతుంది. పాత వెర్షన్ 1.0, కొత్తది 2.0 అనుకుంటే, విడుదల రోజున ఇలా అడిగితే చాలు:

```
git shortlog -sn v1.0..v2.0
```

ఈ రెండు వెర్షన్ల మధ్య ఎవరు ఎన్ని మార్పులు రాశారో లెక్కగట్టి, ఎక్కువ రాసినవారిని పైన పెట్టి, క్షణాల్లో చూపిస్తుంది. లెక్కలో తప్పుండదు. అయితే గిట్ లెక్కపెట్టింది కోడ్ రాసినవారిని మాత్రమే. విడుదలకు ముందే సాఫ్ట్‌వేర్‌ను తమ సొంత కంప్యూటర్లో ఎక్కించుకుని, అది ఎక్కడ చెడుతుందో కనిపెట్టి చెప్పిన బీటా టెస్టర్లు ఇందులో ఉండరు. వాళ్లు చేసే పని ఎంతటిదో తెలియాలంటే లినక్స్ కెర్నల్‌ను చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి సూపర్ కంప్యూటర్ల దాకా అన్నిటి అడుగునా నడిచేది అదే.

లినక్స్‌లో దాదాపు ప్రతి తొమ్మిది, పది వారాలకు ఒక కొత్త వెర్షన్ వస్తుంది. మొదటి రెండు వారాలు కొత్త మార్పులన్నీ వచ్చి చేరతాయి. ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆర్‌సీ1, ఆర్‌సీ2 అంటూ పరీక్ష వెర్షన్లు వస్తాయి. సాధారణంగా ఆర్‌సీ7 లేదా ఆర్‌సీ8 దాకా వెళ్లాక అసలు విడుదల. ఒక్కో వెర్షన్‌లో పదివేలకు మించి మార్పులుంటాయి. కంపెనీల ప్రయోగశాలలు ఎన్ని పరీక్షలు చేసినా, లోకంలో ఉన్న ల్యాప్‌టాప్‌ల రకాలన్నీ వాటి దగ్గర ఉండవు.

ఒక టెస్టర్ పరీక్ష వెర్షన్ ఎక్కించుకున్నారనుకుందాం. ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రలోకి వెళ్లింది. మూత తెరిస్తే ఫ్యాన్ తిరుగుతోంది కానీ తెర నల్లగానే ఉంది. పాత వెర్షన్‌లో ఈ బాధ లేదు. ‘మీ కొత్త వెర్షన్ పనిచేయడం లేదు’ అని మెయిల్ పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. పదివేల మార్పుల్లో దోషి ఏదో ఎలా తెలుస్తుంది? అందుకు బైసెక్ట్ అనే పద్ధతి ఉంది. వరుసలో సరిగ్గా మధ్య ఉన్న మార్పు దాకా కెర్నల్‌ను తయారుచేసి చూస్తారు. తెర వెలిగితే లోపం రెండో సగంలో ఉన్నట్టు, వెలగకపోతే మొదటి సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. ఇలా చేస్తూ పోతే పదివేల మార్పుల నుంచి ఒక్కదాని దగ్గరికి రావడానికి పద్నాలుగు విడతలు పడుతుంది.

పద్నాలుగే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి విడతలోనూ కెర్నల్‌ను కొత్తగా కంపైల్ చేయాలి, ఇన్‌స్టాల్ చేయాలి, యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి, మూత మూసి తెరిచి చూసి, బాగుందో బాగాలేదో గుర్తుపెట్టాలి. మామూలు ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేయడానికే చాలాసేపు పడుతుంది. లోపం అప్పుడప్పుడు మాత్రమే కనబడే రకమైతే ఇంకా కష్టం. ఒకసారి తెర వెలిగిందని ‘బాగుంది’ అని గుర్తుపెట్టేస్తే, అక్కడి నుంచి వెతుకులాట మొత్తం తప్పుదారి పట్టి, ఏ పాపమూ ఎరగని మార్పు దగ్గర ఆగుతుంది. అందుకే అనుభవం ఉన్న టెస్టర్ ఒక్కో విడతలో పదేసి సార్లు మూత మూసి తెరుస్తారు. చివర్లో, దొరికిన ఆ ఒక్క మార్పును తీసేసి లోపం పోయిందో లేదో కూడా చూసుకుంటారు. శని, ఆదివారాలు రెండూ ఇందులోనే గడిచిపోవచ్చు.

ఆ తర్వాత డెవలపర్‌కు పని తేలిక. ఏ మార్పు వల్ల చెడిందో తెలిసిపోయింది కాబట్టి అందులో ఏం జారిపోయిందో చూసి, రెండు లైన్లు దిద్ది టెస్టర్‌కు పంపుతారు. టెస్టర్ మరోసారి కంపైల్ చేసి, తెర వెలిగిందని చెబుతారు. ఇప్పుడు పైన చెప్పిన కమాండ్‌ను అడగండి. డెవలపర్ ఖాతాలో ఒకటి, టెస్టర్ ఖాతాలో సున్నా.

ఈ అన్యాయానికి కెర్నల్‌వాళ్లు చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ప్రతి దిద్దుబాటుతో పాటు రాసే వివరణ అడుగున, దానికి కారకులైనవారి పేర్లు కూడా రాస్తారు. ఊహించిన పేర్లతో ఒక నమూనా ఇది:

```
Reported-by: Ramana <ramana@example.org>
Closes: https://example.org/bug/101
Tested-by: Ramana <ramana@example.org>
Signed-off-by: Lakshmi <lakshmi@example.org>
```

మొదటి వరుస లోపం చెప్పినవారిది. రెండోది ఆ ఫిర్యాదు ఉన్న చోటు. మూడోది దిద్దుబాటును పరీక్షించి చూసినవారిది. ఆఖరుది దాన్ని పంపిన డెవలపర్ సంతకం. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే మనిషి, కవరు చేతికందిన వెంటనే పుస్తకంలో పేరు ఎక్కిస్తాడు. పెళ్లయ్యాక తీరిగ్గా గుర్తుచేసుకుని రాద్దామనుకుంటే సగం పేర్లు పోతాయి. ఇక్కడి కిటుకూ అదే. దిద్దిన రోజునే పేరు ఎక్కితే, విడుదల రోజున ఎవరి జ్ఞాపకశక్తి మీదా ఆధారపడనక్కర లేదు. 2020లో వచ్చిన గిట్ 2.29 నుంచి ఈ వరుసలను కూడా లెక్కగట్టించుకోవచ్చు:

```
git shortlog -sn --group=trailer:Reported-by v1.0..v2.0
```

మొదటి కమాండ్‌లో సున్నాగా మిగిలిన టెస్టర్ ఇక్కడ పేరుతో సహా బయటికొస్తారు.

పేరు రాయడానికీ మర్యాదలున్నాయి. ఎవరైనా లోపాన్ని ఏకాంతంగా, ఒక మెయిల్‌లో చెబితే, అనుమతి అడగకుండా Reported-by వరుసలో పెట్టకూడదని కెర్నల్ నియమం. కారణం ఉంది. గిట్ చరిత్రలోకి ఎక్కిన పేరు, మెయిల్ చిరునామా ప్రపంచంలో ఆ కోడ్ నకలు ఉన్న ప్రతి యంత్రానికీ వెళ్తాయి. తర్వాత తీసేయమంటే ఆచరణలో కుదరదు. ఇక Tested-by వరుస ఆ మనిషి తానుగా పరీక్షించి చెప్పినప్పుడే పెట్టాలి. ఆయన పరీక్షించాక డెవలపర్ ఆ దిద్దుబాటును బాగా మార్చేస్తే, ఆ వరుస తీసేసి మళ్లీ పరీక్షించమని అడగాలి. ఎందుకంటే ఆ పేరు కృతజ్ఞతే కాదు, ఒక సాక్ష్యం కూడా. పరీక్షించని కోడ్ కింద ఒకరి పేరు పెట్టడం వారికి గౌరవం కాదు, ఇబ్బంది.

టెస్టర్ల సంగతి ఇలా తేలింది. తొలినాళ్లలో పనిచేసినవారి సంగతి వేరు. లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి ప్రకటించింది 1991 ఆగస్టులో. 1.0 వెర్షన్ వచ్చింది 1994 మార్చిలో. గిట్ పుట్టింది మాత్రం 2005 ఏప్రిల్‌లో. కెర్నల్ ప్రధాన గిట్ చరిత్ర 2.6.12 వెర్షన్ తాలూకు రెండో ఆర్‌సీతో మొదలవుతుంది. అంటే అంతకు ముందు పద్నాలుగేళ్లు పనిచేసి తప్పుకున్నవారిని అక్కడ కమాండ్‌తో వెతికితే దొరకరు. అప్పటికున్న కోడ్ మొత్తం ఒక్క మార్పుగా, లినస్ పేరు మీద కనిపిస్తుంది.

ఆ పేర్లు దొరికేది `CREDITS` అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో. కెర్నల్ కోడ్‌తో పాటే అది ప్రతి ఒక్కరికీ చేరుతుంది. ఒక్కో మనిషికి నాలుగైదు వరుసలు: N ఎదురుగా పేరు, E ఎదురుగా మెయిల్, D ఎదురుగా చేసిన పని, S ఎదురుగా చిరునామా. ఇది పూర్తి జాబితా కాదని ఫైల్ మొదట్లోనే ఒప్పుకుంటుంది. ఇందులో విలువైనది D వరుస. ఎన్ని మార్పులు రాశారన్న అంకె అక్కడ ఉండదు, ఏ భాగాన్ని తయారుచేశారో ఉంటుంది. ఆ కోడ్‌ను ఆ తర్వాత వేరొకరు పూర్తిగా తిరగరాసినా పేరు నిలుస్తుంది. ఏదైనా భాగం బాధ్యత చూసి విరమించుకున్నవారి పేరు కూడా ఇక్కడికి చేరుస్తుంటారు.

అనువాదకులకు ఇంకో దారి ఉంది, అది మన తెలుగువాళ్లకూ సంబంధించినది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో పేరున్న గ్నోమ్‌ను తెలుగులోకి తెచ్చినవారిలో స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. గ్నోమ్ అప్లికేషన్ల అనువాద ఫైళ్లలో మిగతా వాక్యాలతో పాటు ఈ వరుస కూడా ఉంటుంది:

```
msgid "translator-credits"
```

దీన్ని అనువదించకూడదు. దీనికి ఎదురుగా అనువాదకులు తమ పేర్లు రాసుకోవాలి. అప్లికేషన్‌ను తెలుగులో వాడుతూ ‘గురించి’ పేజీ తెరిస్తే తెలుగు అనువాదకుల పేర్లు, తమిళంలో తెరిస్తే తమిళ అనువాదకుల పేర్లు వస్తాయి. ఎవరి పని ఫలం ఎవరికి అందుతుందో వారికే ఆ పేరు కనిపించడం ఇందులోని అందం. లోపం కూడా ఒకటుంది. కొత్తగా వచ్చిన అనువాదకుడు పాత పేర్ల కింద తన పేరు చేర్చకుండా వాటి స్థానంలో పెట్టేస్తే, మొదట పనిచేసినవారు తెర మీద నుంచి మాయమవుతారు. దాన్ని ఏ కమాండూ పట్టుకోదు.

జాబితా తయారయ్యాక దాన్ని అంకెల వారీగా వరుస పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. పెట్టకపోవడమే మేలు. కెర్నల్‌లో లోపాలు చెప్పినవారి లెక్క తీస్తే పై వరుసల్లో తరచూ కనిపించేది మనుషులు కాదు, సిజ్‌బాట్ లాంటి పరీక్షా యంత్రాలు. వాటి పక్కన, రెండు రోజులు మూత మూసి తెరిచిన మనిషి ‘1’ అనే అంకెగా అడుగున ఉంటారు. అంకెకు బహుమతి ముడిపెడితే ఇంకో చిక్కు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం నిర్ణీత సంఖ్యలో మార్పులు పంపినవారికి టీషర్టులు ఇస్తామంది. ఆ టీషర్టు కోసం అక్కరలేని మార్పులు వెల్లువెత్తి ప్రాజెక్టులు నడిపేవారికి ఊపిరాడలేదు. చివరికి తాము పాల్గొంటామని చెప్పిన ప్రాజెక్టులకే లెక్క వర్తిస్తుందని నిర్వాహకులు మధ్యలో నియమం మార్చాల్సి వచ్చింది. పేర్లు అక్షర క్రమంలో పెట్టి, పక్కన ఏం చేశారో ఒక ముక్క రాస్తే ఈ పోటీ పుట్టదు.

ప్రాజెక్టు నడిపేవారు చేయాల్సింది ఇంతే. లోపం దిద్దిన పూటే చెప్పినవారి పేరు రాయండి, ఏకాంతంగా చెప్పినవారిని ముందు అడగండి, గిట్‌కు తెలియని పాతవారి కోసం ఒక ఫైల్ చేత్తో రాసి ఉంచండి. విడుదల రోజున ఆ టెస్టర్‌కు ‘మీరు చెప్పిన లోపం ఈ వెర్షన్‌లో పోయింది’ అని ఒక వాక్యం పంపండి. మీరు ఏదైనా ఓపెన్ సోర్స్ అప్లికేషన్‌లో లోపం పట్టి చెప్పబోతుంటే, పేరు ఎలా రాయాలో, అసలు రాయాలో వద్దో కూడా ఆ ఫిర్యాదులోనే చెప్పండి. ఒకసారి చరిత్రలోకి ఎక్కాక దిద్దుకోవడం కష్టం.