ఆవకాయకు ధర కట్టే లెక్క

ఆన్‌లైన్‌లో పచ్చడి కొనేవాళ్లకు జాడీ మూత తీసి వాసన చూసే వీలు లేదు. వేలితో కాస్త నాకి చూసే వీలూ లేదు. ఫొటో కింద మనం రాసిన నాలుగు వాక్యాలే వాళ్లకు ఆధారం. చాలామంది అక్కడ ‘అమ్మమ్మ చేతి రుచి, స్వచ్ఛమైన ఇంటి పచ్చడి’ అని రాసి ఊరుకుంటారు. ఆ మాట అందరూ రాసేదే కాబట్టి, కొనేవాళ్లకు దానివల్ల తెలిసేదేమీ ఉండదు.

ఏం రాయాలో ఖర్చుల చీటీలోనే దొరుకుతుంది. ఒక వాయి ఆవకాయ చూద్దాం. ధరలు ఊరినిబట్టి మారతాయి, ఇవి లెక్క కోసం వేసుకున్నవి. ఏడు కిలోల కాయ 420 రూపాయలు, కొట్టించిన కూలి 70. జీడి తీసి, తుడిచి, మెత్తటి ముక్కలు ఏరేస్తే ఐదు కిలోల ముక్క మిగిలింది. దానికి ముప్పావు కిలో కారం 300, ముప్పావు కిలో ఆవపిండి 120, అంతే ఉప్పు 20, కిలోన్నర నువ్వుల నూనె 600, మెంతులు, వెల్లుల్లి 70. మొత్తం 1,600. గిన్నెలకు అంటుకున్నదీ, రుచి చూసినదీ పోను అమ్మకానికి ఎనిమిది కిలోలు వచ్చిందనుకుందాం. అంటే కిలో 200.

ఈ చీటీలో అన్నిటికన్నా బరువైన పద్దు నూనె. తక్కువ ధరకు దొరికే నూనె పోస్తే పచ్చడి చవకగా వస్తుంది, మనం అలా చేయలేదు. అందుకే వివరణ నూనెతోనే మొదలవ్వాలి: ‘నువ్వుల నూనెతో కలిపిన ఆవకాయ. టెంకతో కొట్టించిన ముక్క. వెల్లుల్లి వేశాం. కారం ఎక్కువ. నూనె పైకి తేలుతుంది, వడ్డించే ముందు పొడి గరిటెతో అడుగు నుంచి కలపండి. నికర బరువు నూనెతో కలిపి 500 గ్రాములు.’ వెల్లుల్లి తిననివాళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోతారు, ఆగనివ్వండి. నూనె మాట ముందే చెప్పకపోతే ‘ముక్క తక్కువ, నూనె ఎక్కువ’ అనే ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు, తయారైన తేదీ ఉండాలి. ‘ఏడాది నిల్వ’ అని మాత్రం అలవాటుకొద్దీ రాసేయకండి. ప్రతి వాయి నుంచీ ఒక ప్యాకెట్ దాచి, అది ఎన్నాళ్లు బాగుందో చూశాకే గడువు వేయండి.

ఇప్పుడు ధర. అరకిలోకు సరుకు 100. పౌచ్, లేబుల్, అట్టపెట్టె కలిపి 35. ఇక చాలా ఇళ్లలో లెక్కకే రాని పద్దు, చేసిన మనిషి శ్రమ. కలపడం, మూడో రోజు తిరగకలపడం, నింపడం, అంటించడం కలిపి పది గంటలు. గంటకు 80 వేసుకున్నా 800, పదహారు ప్యాకెట్లకు పంచితే ఒక్కోదానికి 50. దారిలో కారిపోయి మళ్లీ పంపాల్సివచ్చే వాటికి 15. అసలు 200 తేలింది.

అమ్మిన ధరలో నూటికి 20 లాభం మిగలాలనుకుందాం. 200కు 20 శాతం కలిపి 240 పెడితే అది మిగలదు. ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 2 శాతం అనుకుంటే దాదాపు 5 రూపాయలు పోయి 35 చేతికొస్తాయి. అది నూటికి 15 కూడా కాదు. లాభం, రుసుము రెండూ అమ్మకం ధరలోంచే పోతాయి కాబట్టి, మన అసలు ఆ ధరలో నూటికి 78 వంతులు కావాలి. 200ను 0.78తో భాగిస్తే 256, అంటే 260 పెట్టుకోవాలి. అదే ప్యాకెట్‌ను 20 శాతం కమిషన్ తీసుకునే వెబ్‌సైట్‌లో 260కే పెడితే 52 అక్కడే పోతుంది, మనకు మిగిలేది 8 రూపాయలు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు పన్నును కూడా ఇందులోకి తేవాలి, ఎందుకంటే ఎమ్మార్పీ అన్ని పన్నులతో కలిపి వేసేది.

కొరియర్ ఖర్చు ఇంకా ఇందులో లేదు. చాలా కొరియర్లు అరకిలో మెట్ల చొప్పున లెక్కిస్తాయి. అరకిలో పచ్చడికి పెట్టె బరువు కలిసి 600 గ్రాములైతే కిలో రేటు పడుతుంది. గాజు సీసాలో పంపినా, పౌచ్‌లో పంపినా అంతే. కొనేవాళ్లు పచ్చడి ధర చూసి ఒప్పుకుని, చివర్లో కొరియర్ అంకె చూసి వెళ్లిపోయేది ఇక్కడే. ఇదే వాయిని 400 గ్రాముల పౌచ్‌లుగా నింపితే ఇరవై వస్తాయి. ఒక్కోదానికి సరుకు 80, శ్రమ 40, ప్యాకింగ్ 35, నష్టానికి 15, మొత్తం 170. 0.78తో భాగిస్తే 218, అంటే 220. చిన్న పెట్టెలో పెట్టి తూస్తే 500 గ్రాముల లోపే ఉండి మొదటి మెట్టులోనే వెళ్తుంది. పెట్టె మాత్రం పెద్దది కాకూడదు, కొరియర్ వాళ్లు దాని కొలతలు కూడా బరువుగా లెక్కగడతారు. అలా మార్చుకున్న రోజున వివరణలో నికర బరువు దగ్గర 400 అని దిద్దడం మరచిపోకండి.